మీ మెసేజ్ వాళ్ళకు కనపడలేదన్నా: తిరుపతి ఆటో స్టాండులకు ఒక బహిరంగ లేఖ

తిరుపతి రైల్వే స్టేషను, ఆర్టీసీ బస్టాండు, అలిపిరి ఆటో స్టాండుల్లో ఉండే అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం.

నేను బస్టాండు దగ్గర సెల్లు రిపేరు అంగడి పెట్టుకున్నవాడిని. ఛార్జింగ్ పిన్ను పోయిందనో, డిస్‌ప్లే పగిలిందనో మీలో చానామంది నా దగ్గరికి వచ్చినవాళ్ళే. ఈ మధ్య ఇంకో పనిమీద కూడా వస్తున్నారు. ఆటోలో ఎవరో స్వామి సంచి మర్చిపోయినాడు, లోపల పాన్ కార్డు దొరికింది, ఆ పేరు పట్టుకొని ఫేస్‌బుక్‌లో వెతికి మెసేజ్ పెట్టినాం, దినాలు గడిచినా జవాబు లేదు, ఏం చేద్దామన్నా అని అడుగుతున్నారు. మొన్న ఒక స్టాండు మీటింగులో "వాళ్ళ సొమ్ము మీద వాళ్ళకే అక్కర లేదు, మనకెందుకు ఈ తలనొప్పి, ఇకమీదట దొరికిన వస్తువు గురించి ఎవరూ మెసేజ్‌లు పెట్టొద్దు" అని తీర్మానం లాంటిది చేసినారని విన్నాను. ఆ తీర్మానం గురించే ఈ ఉత్తరం. వాళ్ళకు అక్కర లేక జవాబు ఇవ్వకపోవడం కాదు. మీరు పెట్టిన మెసేజ్ వాళ్ళ ఫోనులో వాళ్ళు ఎప్పుడూ తెరవని చోట పడి ఉంది.

రైల్వే స్టేషను స్టాండులోని ఒకన్న సంగతే తీసుకుంటాను. ఆయన ఒప్పుకున్నాడు గాబట్టి రాస్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు. విష్ణు నివాసం దగ్గర ఒక కుటుంబాన్ని ఎక్కించుకొని తిరుచానూరులో దించినాడు. సాయంత్రం ఆటో కడిగేటప్పుడు వెనక సీటు సందులో నల్ల పౌచు కనపడింది. అందులో పాన్ కార్డు, ఏటీఎం కార్డు, ఇంటి తాళాలు, మడత పెట్టిన రెండు కాగితాలు ఉన్నాయి. పాన్ కార్డు మీద పేరు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, చిరునామా మాత్రం ఉండదు. ఆ పేరేమో తమిళనాడులో వీధికి నలుగురుండే పేరు. ఫేస్‌బుక్‌లో కొడితే వరసగా వచ్చినారు. అందరికీ జుట్టు ఉంది, మనవాడు ఆటోలో చూసిన మనిషికేమో గుండు. ఈ ఊళ్ళో ప్రొఫైల్ ఫొటో పెట్టుకొని మనిషిని గుర్తుపట్టడం ఆ దేవుడికే తెలియాలి.

సరే, అందరికీ ఒకటే పెట్టేద్దామనుకున్నాడు. "మీ పాన్ కార్డు దొరికింది, కాల్ మీ" అని ఒకసారి రాసి, కాపీ కొట్టి, వరసబెట్టి ఆ పేరున్న ప్రతివాడికీ పంపినాడు. పాన్ కార్డు ఫొటో కూడా జతచేసినాడు. కొందరికి పోయినాక, కొత్తవాళ్ళకు ఇప్పుడు పంపలేరని ఫోను ఆపేసింది. జవాబు ఒక్కటీ రాలేదు.

ఇక్కడ లోపల ఏం జరిగిందో విడమరిచి చెప్తాను.

మెసెంజర్‌లో మనం పంపింది అవతలివాళ్ళ ఫోనులో ఎక్కడ పడాలో ముందు తేల్చేది, మనకూ వాళ్ళకూ ఉన్న సంబంధం. ఫ్రెండ్ అయితే నేరుగా మామూలు చాట్‌ల వరసలో పడుతుంది, ఫోను మోగుతుంది. ఫ్రెండ్ కాకపోతే వాళ్ళు సెట్టింగుల్లో ఏం పెట్టుకున్నారో చూస్తుంది. మెసెంజర్ సెట్టింగుల్లో Message delivery అని ఒక చోటు ఉంది. అందులో ఫ్రెండ్స్‌కు ఫ్రెండ్స్ అయినవాళ్ళు, మన ఫోను నంబరు ఉన్నవాళ్ళు, ఇవేవీ కాని మిగతా జనం అని విడివిడిగా ఉంటారు. ఒక్కో రకానికి మూడు దారుల్లో ఒకటి పెట్టుకోవచ్చు: నేరుగా చాట్‌లలోకి రానివ్వడం, Message requests లోకి తోలడం, అసలు రానివ్వకపోవడం. ఆ సెట్టింగు తెరిచి చూసినవాళ్ళు తక్కువ. కంపెనీ ముందే పెట్టి ఇచ్చినదే చానామందికి అట్లే ఉంటుంది, దాని ప్రకారం ముక్కూమొహం తెలియనివాడి మెసేజ్ రిక్వెస్టుల్లోకే పోతుంది.

ఆ రిక్వెస్టుల్లో కూడా రెండు గదులున్నాయి. ఒకటి You may know, రెండోది Spam. ఇద్దరికీ తెలిసిన ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, లేదా ఏదో ఒక లింకు కనిపిస్తే మొదటి దాంట్లో పడే అవకాశం ఉంటుంది. అనుమానం తగిలితే రెండో దాంట్లో పడుతుంది. రెండో గదిలో పడినదానికి ఫోను మోగదు, పైన ఎర్ర చుక్క రాదు. మెసెంజర్‌లో మెనూ నొక్కి, Message requests నొక్కి, మళ్ళీ Spam నొక్కితే తప్ప అది ఉన్నట్టే తెలియదు. మీరే మీ ఫోనులో ఒకసారి తెరిచి చూడండి. ఏళ్ళ కింద ఎవరో పెట్టిన మెసేజ్‌లు బయటపడతాయి. మా అంగడికి వచ్చినవాళ్ళకు నేను తెరిచి చూపిస్తే, "అరే, మా ఇంటర్ ఫ్రెండు" అని అక్కడే కూర్చున్నవాళ్ళు ఉన్నారు. యాప్ అప్‌డేట్ అయ్యేకొద్దీ ఈ మాటలు, చోట్లు కొంచెం అటూ ఇటూ జరుగుతుంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

లాడ్జి వాచ్‌మన్‌ను తలుచుకోండి. రూములో ఉన్నవాళ్ళ మనిషైతే పైకి పంపిస్తాడు, వాళ్ళ చుట్టం స్నేహితుడంటే కింద హాల్లో కూర్చోబెడతాడు, ఎవరో తెలియనివాడు చేతిలో సంచితో వస్తే గేటు బయటే నిలబెడతాడు. ఆ సంచి తిరిగి ఇవ్వడానికి వచ్చినాడా, రూము కావాలా దర్శనం కావాలా అని పీక్కుతినడానికి వచ్చినాడా అన్నది వాచ్‌మన్‌కు ఎట్లా తెలుస్తుంది?

ఇది కొత్తగా పుట్టిందేమీ కాదు. 2010 చివర్లో ఫేస్‌బుక్ మెసేజ్‌ల పద్ధతి మార్చినప్పుడు Other అని ఒక ఫోల్డరు పెట్టింది. తెలియనివాళ్ళవి అందులో పడేవి, ఎవరికీ తెలిసేది కాదు. 2012 డిసెంబరులో అమెరికాలో ఒక ప్రయోగం కూడా చేసినారు: తెలియనివాడికి పంపే మెసేజ్ అందులో పడకుండా నేరుగా ఇన్‌బాక్సుకు పోవాలంటే ఒక డాలరు కట్టాలి. డబ్బు కట్టేవాడు ఊరికే గాలి మెసేజ్‌లు పంపడు గదా అన్నది వాళ్ళ లెక్క. 2015 అక్టోబరులో ఆ Other ను తీసేసి, ఇప్పుడున్న మెసేజ్ రిక్వెస్టుల పద్ధతి తెచ్చినారు.

ఇక మన స్టేషను స్టాండు అన్న విషయానికొస్తే, ఆయన అకౌంటును అవతలి మనిషి వైపు నుంచి చూడండి. అకౌంటు పేరు సొంత పేరు కాదు, ఆటో పేరు. ఫొటో హీరోది. ఆ తమిళాయనకూ ఈయనకూ తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఇప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడుకోలేదు. అకౌంటు తెరిచిందే ఈ మధ్య. అదే రోజు, అదే మాట, అదే ఫొటో, ఒకరికొకరు సంబంధం లేని చానామందికి కొన్ని నిమిషాల్లో పోయింది. దొంగ మెసేజ్‌లు పంపేవాడు కూడా సరిగ్గా ఇట్లాగే చేస్తాడు. ఏ గుర్తుకు ఎంత బరువు ఇస్తారన్నది ఈ కంపెనీలు పూర్తిగా బయటపెట్టవు, పెడితే దొంగలకు దారి చూపినట్టే. కానీ తెలియనివాళ్ళకు ఒకే మెసేజ్ గుంపుగా పంపడం, లింకులు పెట్టడం, అంతకుముందు ఎవరైనా రిపోర్టు కొట్టి ఉండడం, ఇవి అనుమానం పెంచేవే. మీరు మంచికే చేసినారు. ఫిల్టరుకు మీ మనసు కనపడదు, మీ చేతులు చేసిన పనే కనపడుతుంది.

మన ఊరి సంగతి ఇంకొకటుంది. కొండకు వచ్చిన మనిషి ఒక ఫొటో పెట్టి తిరుపతి అని రాస్తే చాలు, దర్శనం టికెట్టు ఇప్పిస్తామని, రూము చూపిస్తామని ముక్కూమొహం తెలియనివాళ్ళు మెసేజ్‌లు పెడతారు. అందులో మోసపోయినవాళ్ళు మీ ఆటోలోనే కూర్చొని ఏడ్చి ఉంటారు. రిక్వెస్టుల్లో మీ మెసేజ్‌కు పైనొకటి, కిందొకటి ఉండేవి ఇవే. మనిషి ఆ గది తెరిచినా, "తిరుపతి నుంచి ఎవరో, డబ్బుకోసమే" అని చదవకుండానే తుడిచేస్తాడు. తుడిచేసినట్టు మీకు తెలియదు.

ఇది ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకా గట్టిగా ఉంది, మీలో పిల్లోళ్ళు ఎక్కువగా వాడేది అదే గాబట్టి చెప్తున్నా. అక్కడ మిమ్మల్ని ఫాలో కానివాళ్ళకు మీరు పంపేది Requests లో పడుతుంది. 2023లో ఒక నియమం పెట్టినారు: మిమ్మల్ని ఫాలో కానివాళ్ళకు మొదట ఒక్క మెసేజే పంపగలరు, అదీ అక్షరాలే. వాళ్ళు ఒప్పుకునేదాకా ఫొటో పోదు, వీడియో పోదు, వాయిస్ పోదు, రెండో మెసేజూ పోదు. అంటే "హలో సార్" అని మొదలుపెట్టినారంటే మీ ఒక్క అవకాశమూ అయిపోయినట్టే.

అక్కడ కూడా రిక్వెస్టుల కింద ఇంకో అర ఉంది, పేరు Hidden Requests. రిక్వెస్టుల జాబితా కిందికి జరిపితే కనపడుతుంది. 2021లో వచ్చిన Hidden Words అనే ఏర్పాటు దీనికి తోడు. బూతులు, మోసపు మాటలు లాంటివి ఉన్న రిక్వెస్టులను అది పక్కకు తీసి దాచేస్తుంది. దాచినదాన్ని తెరిచినా మాటలు మూసే ఉంటాయి, మళ్ళీ నొక్కితేనే కనపడతాయి. దాంట్లో ఎవరికివాళ్ళు సొంతంగా మాటలు కూడా చేర్చుకోవచ్చు. దర్శనం బ్రోకర్ల బాధ పడలేక ఒకామె తన జాబితాలో "దర్శనం", "రూమ్", "తిరుమల" అని రాసుకుందనుకోండి. మీరు "తిరుమల నుంచి వచ్చేటప్పుడు మా ఆటోలో" అని రాసినా మీ మెసేజ్ ఆ అరలోనే పడుతుంది. ఆమె ఎవరినో తప్పించుకోవడానికి పెట్టుకున్న తాళం, ఆమె సంచి తెచ్చినవాడికీ అడ్డం పడుతుంది.

కొందరి అకౌంటుకు అసలు పోనే పోదు. తెలియనివాళ్ళ రిక్వెస్టులు వద్దని పెట్టుకున్నవాళ్ళు ఒక రకం. ఇంకొకటి పిల్లలు. 18 ఏళ్ళు నిండనివాళ్ళు తమను ఫాలో కాకపోతే పెద్దవాళ్ళు వాళ్ళకు మెసేజ్ పెట్టకుండా ఇన్‌స్టాగ్రామ్ 2021లోనే ఆపింది, తర్వాత ఇంకా బిగించింది. అందుకని ఏ ఇంటర్ పాప హాల్‌టికెట్టో దొరికితే ఆ పాప పేరు ఇన్‌స్టాలో వెతకొద్దు. అది పోదు సరికదా, తెలియని మగమనిషి చిన్నపిల్లకు మెసేజ్ పెట్టినాడని మీ మీదికే వస్తుంది. హాల్‌టికెట్టు మీద కాలేజీ పేరు ఉంటుంది, కాలేజీ ఆఫీసుకు ఫోను చేయండి.

బస్టాండు స్టాండు వాళ్ళు యూనియన్ పేరుతో ఫేస్‌బుక్ పేజీ పెట్టినారు. దాంట్లోంచి మెసేజ్ పెడితే పెద్దమనిషి తరహాగా ఉంటుంది, నమ్ముతారు అనుకున్నారు. కానీ పేజీ నుంచి మనిషికి మొదటి మాట పోదు. ఆ మనిషి ముందు పేజీకి మెసేజ్ పెట్టి ఉండాలి, లేదా పేజీ పోస్టు కింద కామెంటు పెట్టి ఉండాలి, అప్పుడే పేజీ జవాబు చెప్పగలదు. మీ పేజీలో Message బటను ఎందుకు రాలేదని నన్ను అడిగిన తమ్ముడికి జవాబు ఇదే. ఫోను పాడు కాలేదు.

మెసేజ్ ఎక్కడ ఆగిందో మీ వైపు నుంచి కొంతవరకు చెప్పొచ్చు. మెసెంజర్‌లో మీరు పంపినదాని పక్కన చిన్న గుర్తు చూడండి. ఖాళీ గుండ్రంలో టిక్కు ఉంటే మీ ఫోను నుంచి పోయిందని. గుండ్రం రంగు నిండి టిక్కు ఉంటే అవతలికి చేరిందని. అవతలివాళ్ళ ఫొటో బొట్టంత కనపడితే చదివినారని. తెలియనివాళ్ళ దగ్గర ఈ చివరి గుర్తును నమ్ముకోవద్దు, ఎందుకంటే వాళ్ళు రిక్వెస్టును తెరిచి చదివినా, ఒప్పుకునేదాకా చదివినట్టు మీకు చూపించదు. ఇన్‌స్టాలోనూ అంతే. "సీన్ రాలేదు గాబట్టి చూడలేదు" అనలేరు. "చూసి కూడా పట్టించుకోలేదు" అని అంతకంటే అనలేరు.

మరి ఏం చేయాలి? ముందు పౌచులో ఫోను నంబరు వెతకండి. పేరు వెతకడం తర్వాత. స్టేషను స్టాండు అన్న పౌచు నా అంగడి బల్ల మీద పరిచి చూస్తే, మడత పెట్టిన రెండు కాగితాల్లో ఒకటి హోసూరులో మందుల అంగడి బిల్లు. పైన అంగడి నంబరు అచ్చువేసి ఉంది, కింద పేషంటు పేరు పెన్నుతో రాసి ఉంది. ఆ పేరు పాన్ కార్డు పేరు కాదు, ఆడమనిషిది. ఫోను చేసి, ఈ పేరున్నామె మందులు మీ దగ్గరే తీసుకుంటుందా, ఆమెకు మా నంబరు ఇవ్వండి అన్నాం. నంబరు అడగలేదు, మాది ఇచ్చినాం. అట్లా అయితే అంగడివాడికి కూడా అనుమానం రాదు. ఆ రాత్రే ఫోను మోగింది. అవతల ఆ గుండాయన. ఫేస్‌బుక్‌లో ఆయనకు మెసేజ్ పోయిందా అని అడిగినాం. నా మాట మీద Message requests తెరిచినాడు, Spam తెరిచినాడు. మన అన్న మెసేజ్ అక్కడే ఉంది. దాని పైన ఏదో లాటరీ, కింద ఇంట్లో కూర్చొని సంపాదించండి.

మందుల బిల్లు, బట్టల అంగడి బిల్లు, ఆసుపత్రి చీటీ, గ్యాసు పుస్తకం, ఇన్సూరెన్సు రసీదు, వీటిలో ఏదో ఒక నంబరు దొరుకుతుంది. ఆ మనిషి నంబరే దొరికితే ఇంకా మంచిది, వాట్సాప్ చేయండి. వాట్సాప్‌లో తెలియని నంబరు నుంచి వచ్చిన మెసేజ్ కూడా మామూలుగా చాట్‌ల వరసలోనే కనపడుతుంది, పైన బ్లాకు చేయాలా, సేవ్ చేయాలా అని అడుగుతుంది అంతే. రైలు టికెట్టు ఉంటే పీఎన్ఆర్ నంబరుతో పాటు స్టేషనులో ఇవ్వండి, బుకింగులో ఇచ్చిన ఫోను నంబరు రైల్వే దగ్గర ఉంటుంది. ఏటీఎం కార్డు ఉంటే దాని వెనక బ్యాంకు నంబరు ఉంటుంది. వస్తువు విలువైనదైతే ఈ వెతుకులాట కంటే ముందు పోలీసులకు అప్పగించి కాగితం రాయించుకోండి. మీ నెత్తిన మాట పడకుండా ఉండేది దానివల్లే.

ఏ నంబరూ దొరక్క ఫేస్‌బుక్కే గతి అయితే, అది ఒకే ఒక్కరికి పోయే పని కావాలి. ఆ పేరున్న అందరికీ పంపకండి. కార్డు మీద తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి, ప్రొఫైల్‌లో ఊరు, కుటుంబం, పాత ఫొటోలు చూసి ఒకరిద్దరికి దించుకోండి. మీ అకౌంటు మీ పేరుతో, మీ మొహంతో ఉండాలి. ఆ ఊళ్ళో చదువుకున్న మీ అబ్బాయో, మేనల్లుడో ఉంటే వాడి అకౌంటు నుంచి పంపండి. ఇద్దరికీ తెలిసిన ఒక్క ఫ్రెండు ఉన్నా గది మారే అవకాశం ఉంది. రాయాల్సింది ఒక్కసారే, అన్నీ అందులోనే ఉండాలి. ఇదిగో ఇట్లా:

"నమస్కారం. నేను తిరుపతి రైల్వే స్టేషన్ ఆటో స్టాండు డ్రైవరును. ఆదివారం పొద్దున విష్ణు నివాసం నుంచి తిరుచానూరుకు మా ఆటోలో వచ్చింది మీరేనా? మీ పేరున్న కార్డుతో ఒక పౌచు దొరికింది. అందులో ఇంకా ఏమేమి ఉన్నాయో చెప్పండి, మీదే అయితే స్టాండులో అందజేస్తాం."

చివర్లో స్టాండు ఫోను నంబరు. లింకు వద్దు. డబ్బు మాట అసలు వద్దు, "మాకు డబ్బులేమీ వద్దు" అని కూడా రాయొద్దు, ఆ మాటతోనే అనుమానం మొదలవుతుంది. పౌచులో ఏముందో మీరు చెప్పకుండా వాళ్ళనే అడగడం ఎందుకంటే, అది తప్పు మనిషికి పోతే వాడు నాదే అంటూ వచ్చేస్తాడు. కార్డు ఫొటో ఎవరికీ పంపొద్దు. స్టేషను స్టాండు అన్న పంపిన పాన్ కార్డు ఫొటో ఇప్పుడు ఆ పేరున్న ముక్కూమొహం తెలియని మనుషుల ఫోనుల్లో ఉంది. పాన్, ఆధార్ నంబర్లతో ఏమేం చేస్తారో నేను చెప్పక్కర్లేదు. తమిళం, కన్నడం రాయడం రాకపోతే ఫోను కీబోర్డులో ఆ భాష పెట్టుకొని మైకు నొక్కి మాట్లాడండి. మీకు ఆ భాషలు మాట్లాడడం నా కంటే బాగా వచ్చు.

మెసేజ్ పెట్టినాక, వాళ్ళ ప్రొఫైల్‌లో అందరికీ కనపడే పోస్టు ఉండి, కామెంటు పెట్టనిస్తే అక్కడ ఒక చిన్న మాట రాయండి: "దయచేసి మీ మెసేజ్ రిక్వెస్టులు, స్పామ్ చూడండి". కామెంటుకు మామూలుగా నోటిఫికేషన్ పోతుంది, దాచిన గదిలోని మెసేజ్‌కు పోదు. పౌచు మాట, ఊరి మాట, మీ నంబరు అక్కడ రాయకండి, ఊరంతా చదువుతుంది. ఫ్రెండ్ రిక్వెస్టు పెడితే అది కూడా కంటబడుతుంది గానీ, హీరో ఫొటోతో పెడితే ఎవరూ ఒప్పుకోరు. కొందరి దగ్గర ఆ బటనే ఉండదు, ఫ్రెండ్స్‌కు ఫ్రెండ్స్ మాత్రమే పెట్టగలిగేట్టు వాళ్ళు పెట్టుకొని ఉంటారు.

ఇంతా చేసి నేను అడగబోయేది ఇంకొకటి. మీరు తెలియనివాళ్ళకు మెసేజ్ పెట్టినంతకాలం ఈ గదులు, తాళాలు తప్పవు, అవి ఉండాల్సినవే. అదే సంచి పోగొట్టుకున్నవాడు మీకు మొదట మెసేజ్ పెడితే ఈ అడ్డం ఏదీ ఉండదు. వాడికి మీ నంబరు తెలిస్తే చాలు. అందుకని మీ తీర్మానాన్ని మార్చి, స్టాండుకు ఒక ఫోను, ఒక నంబరు పెట్టుకోండి. ఆ నంబరు, ఆటో నంబరు, "ఏదైనా మర్చిపోతే ఫోను చేయండి" అన్న ఒక్క మాట, తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో స్టిక్కరు చేయించి డ్రైవరు సీటు వెనక అంటించండి. దిగేటప్పుడు దాన్ని ఫొటో తీసుకోమని చెప్తే ఇంకా మేలు.

ఆ ఫోనులో మాత్రం ఒక సంగతి చూసుకోవాలి. దానికి ఫోను చేసేవాళ్ళంతా తెలియనివాళ్ళే. వాట్సాప్ ప్రైవసీలో Silence unknown callers ఆన్‌లో ఉంటే వాట్సాప్ కాల్ మోగదు. Advanced లో Block unknown account messages కూడా ఆఫ్‌లోనే ఉండాలి. ఫోనులో స్పామ్ కాల్స్ ఆపే ఏర్పాటు ఏదైనా ఉంటే దాన్నీ తీసేయాలి. లేదంటే మనకే జవాబు ఇవ్వలేదని హోసూరులో ఎవరో మీటింగు పెట్టుకుంటారు. యూనియన్ పేజీ ఇన్‌బాక్సులో కూడా స్పామ్ ఫోల్డరు ఉంది, పేజీ చూసే తమ్ముడు దాన్ని వారానికోసారైనా తెరవాలి.

స్టాండు సెక్రటరీ అన్నలు ఒప్పుకుంటే ఫోను నేనిస్తా, పాతదే గానీ బ్యాటరీ కొత్తది వేసినాను. సెట్టింగులన్నీ పెట్టి ఇస్తా. సిమ్ము యూనియన్ పేరుమీద తీసుకోవాలి, ఎవరి సొంత పేరుమీదా వద్దు, మనిషి స్టాండు మారితే నంబరు పోతుంది. స్టిక్కరులో తమిళం, కన్నడం మాటలు సరిచూసేవాళ్ళు మీలోనే ఉన్నారు, వాళ్ళను శనివారం సాయంత్రం అంగడికి పంపండి.

ఇట్లు,
బస్టాండు దగ్గర సెల్లు రిపేరు అంగడివాడు
తిరుపతి